రిలే కథలో సంతోషి గొంతు ఎక్కడ వినిపించాలి?

ప్రశ్న: నేను విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. పిల్లల పత్రికకు పంపుదామని ఒక కథ రాశాను. ఏడో తరగతి చదివే సంతోషి ఎవరితోనూ మాట్లాడదు. గ్రిగ్స్ పోటీల రోజున రిలే జట్టులో ఒక అమ్మాయికి జ్వరం వస్తే, ఆమె బదులు సంతోషి చివరి వంద మీటర్లు పరిగెడుతుంది. అప్పటికి ఇరవై మీటర్లు వెనకబడి ఉన్న జట్టును గెలిపిస్తుంది. అందరూ చప్పట్లు కొడతారు, ఆ రోజుతో ఆమె బెరుకు పోతుంది. తరగతిలో చదివి వినిపించాను. శ్రద్ధగానే విన్నారు. చివరిలో ఒక అమ్మాయి లేచి, “అంత బాగా పరిగెట్టగలిగితే ముందునుంచీ ఎందుకు పరిగెట్టలేదండి?” అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. కథలో లోపం ఎక్కడుందో చెప్పగలరా? కథ ప్రతి కూడా జత చేశాను.

సమాధానం: ఉపాధ్యాయురాలిగారికి నమస్కారం. మీ కథను రెండుసార్లు శ్రద్ధగా చదివాను. మీ తరగతిలో లేచి నిలబడిన అమ్మాయి అడిగిన ప్రశ్నకు కథలో నిజంగానే జవాబు లేదు. సంతోషి కష్టమంతా నోటి దగ్గర ఉంది; హాజరు పిలిచినప్పుడు పలకలేదు, దాహం వేస్తే నీళ్లకు వెళ్తానని అడగలేదు. ఆ కష్టానికి పరిష్కారం మాత్రం కాళ్ల దగ్గరి నుంచి వచ్చింది. ఈ రెంటినీ కలిపే ముడి కథలో ఎక్కడా పడలేదు. ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. మీ కథలో రిలే అన్న చోటల్లా వంద మీటర్ల పరుగు అని మార్చండి. రెండు మూడు వాక్యాలు తప్ప ఏదీ మారనక్కరలేదు. అంటే కథకు రిలేతో పని పడలేదన్నమాట. మీరు ఎంచుకున్న పందెం చాలా మంచిది. బెరుకు ఉన్న పిల్ల కథకు దానికి మించిన ఆట దొరకడం కష్టం. దానిలోని అసలు పని ఏదో, ఆ పని దగ్గరికి ఈ పిల్లను తీసుకువెళ్లాలి.

అంతకుముందు ఒక లెక్క చూద్దాం. ఆ వయసు ఆడపిల్లల్లో వంద మీటర్లు 15 సెకన్లలో పరిగెట్టే పిల్ల చురుకైనదే. ముందున్న జట్టు పిల్ల ఆ వేగంతో వెళ్తోందనుకుంటే, ఆమెకు మిగిలిన 80 మీటర్లు ముగియడానికి 12 సెకన్లు పడుతుంది. ఆ 12 సెకన్లలో సంతోషి పూర్తి వంద మీటర్లు పరిగెట్టాలి. పెద్ద పోటీల్లో తర్ఫీదు పొందిన యువతులకు సాధ్యమయ్యే వేగం అది. పిల్లలు ఈ లెక్క వెయ్యకపోవచ్చు, కానీ బడి మైదానంలో ఇరవై మీటర్ల దూరం ఎంత ఉంటుందో వాళ్ల కళ్లకు తెలుసు. అందుకే “ముందునుంచీ ఎందుకు పరిగెట్టలేదు?” అన్న అనుమానం వచ్చింది. మరోవైపు, రిలేలో నిజంగా కాలం కలిసివచ్చేది, పోయేది బ్యాటన్ చేతులు మారే చోటనే. చక్కగా మార్చుకునే నలుగురు మామూలు పిల్లలు, తమకన్నా వేగంగా పరిగెట్టి తడబడే నలుగురిని దాటిపోవడం ఏ బడి పోటీల్లోనైనా జరిగే విషయం.

ఆ చోటు గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ కొత్త కథ అక్కడే ఉంది. నాలుగు వందల రిలేలో, అంటే నలుగురూ తలా వంద మీటర్లు పరిగెట్టే పందెంలో, బ్యాటన్ మార్చుకోవడానికి ఇప్పటి అంతర్జాతీయ నియమాల ప్రకారం 30 మీటర్ల జోన్ ఉంటుంది. పాత రోజుల్లో అది 20 మీటర్లే. బ్యాటన్ ఆ గీతల లోపలే చేతులు మారాలి. మనిషి ఎక్కడున్నదీ కాదు, బ్యాటన్ ఎక్కడున్నదీ చూస్తారు. ఇప్పుడు ముఖ్యమైన సంగతి. అందుకునే పిల్ల నిలబడి అందుకోదు. తెచ్చే పిల్ల ఇంకా కొన్ని అడుగుల దూరంలో ఉండగానే ముందుకు తిరిగి పరుగు మొదలుపెడుతుంది, ఆ తరువాత వెనక్కి చూడదు. వెనక్కి చూస్తే మెడ తిరుగుతుంది, భుజం తిరుగుతుంది, చెయ్యి పక్కకు పోతుంది, వేగం పడిపోతుంది. మరి చెయ్యి ఎప్పుడు వెనక్కి చాపాలో ఆమెకు ఎలా తెలుస్తుంది? తెచ్చే పిల్ల కేక వెయ్యాలి. ఆ కేక విన్న క్షణంలో ముందున్న పిల్ల చెయ్యి వెనక్కి చాపుతుంది, వెనకున్న పిల్ల అందులో బ్యాటన్ పెడుతుంది.

కాబట్టి ఈ పందెంలో గొంతు విప్పక తప్పని ఒక క్షణం ఉంది. ఎంత వేగంగా పరిగెట్టే పిల్లయినా ఆ క్షణంలో నోరు మెదపకపోతే జట్టు మొత్తం నష్టపోతుంది. సంతోషిని ఆ క్షణంలో నిలబెట్టండి. మీ కథలో ఆమె నాలుగో అంచెలో పరిగెట్టింది. నాలుగో పిల్ల ఎవరికీ బ్యాటన్ ఇవ్వదు, అందుచేత ఎవరినీ పిలవనక్కరలేదు. జట్టులో పిలవాల్సిన అవసరం లేని ఒకే ఒక్క స్థానాన్ని మీరు తెలియక ఆమెకు ఇచ్చారు. ఆమెను మూడో అంచెకు మార్చండి.

మూడో అంచె అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. మన బళ్లలో చాలాచోట్ల 400 మీటర్ల ట్రాక్‌కు స్థలం ఉండదు, సున్నం గీతలతో 200 మీటర్ల ట్రాక్ వేస్తారు. అలాంటి ట్రాక్ మీద ఒక్కొక్కరూ సగం చుట్టు పరిగెడతారు. మొదటి పిల్ల షామియానా ముందు బయలుదేరితే మొదటి మార్పు మైదానానికి అవతలి వైపున, రెండోది మళ్లీ షామియానా ముందు, మూడోది మళ్లీ అవతలి వైపున జరుగుతాయి. అతిథులు, మైకు, చూడడానికి వచ్చిన జనం అంతా ముగింపు గీత దగ్గరే ఉంటారు. సంతోషి కేక వేసే చోట జోన్ చూసే మాస్టారు, పక్క లేన్ల పిల్లలు తప్ప ఎవరూ ఉండరు. ఆమెను చూసి చప్పట్లు కొట్టేవాళ్లు అక్కడ లేకపోవడం మీ కథకు మేలు చేస్తుంది. చప్పట్ల వల్ల బెరుకు పోయిందని రాస్తే, చప్పట్లు అందని పిల్ల సంగతి ఏమిటని చదివే పిల్లల్లో ఎవరైనా అనుకోవచ్చు. తాను పిలిస్తే ఒక మనిషి వెనక్కి చూడకుండా చెయ్యి చాపింది అన్న అనుభవం అంతకన్నా గట్టిది.

ఇక జ్వరం సంగతి తీసివెయ్యండి. ఆఖరి నిమిషంలో ఎవరికో జ్వరం రావడం పిల్లల కథల్లో మరీ తరచుగా కనిపిస్తుంది, పైగా ఆ పద్ధతిలో మనకు సాధన దృశ్యాలు దక్కవు. సంతోషి బాగా పరిగెడుతుందని బడి అంతటికీ మొదటినుంచీ తెలుసని రాయండి. జూనియర్ల వంద మీటర్లలో ఆమెకు ఎప్పుడూ రెండో స్థానమో మూడో స్థానమో వస్తూనే ఉంది. అయినా రిలేకు పిలిస్తే తల అడ్డంగా ఊపుతుంది. ఎందుకో ఎవరికీ అర్థం కాదు. ఒక సాయంత్రం ఆడుకునే పిల్లల మధ్య నుంచి ఆ కారణం బయటపడుతుంది: రిలేలో అరవాలి. మీ విద్యార్థిని అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే, ఇది కథ మొదటి పేజీలోనే వస్తుంది.

అందుకునే పిల్లను సంతోషి కన్నా ఒక తరగతి పెద్దదాన్ని చెయ్యమని నా సలహా. ఎనిమిదో తరగతి హారిక అనుకుందాం. ఏ కేక వెయ్యాలో జట్టు ముందే మాట్లాడుకోవాలి. పోటీల్లో నాలుగైదు లేన్లలో పిల్లలు దాదాపు ఒకేసారి చేరుకుంటారు, అందరూ “హ్యాండ్” అని అరిస్తే పక్క జట్టు కేకకు మన పిల్ల చెయ్యి చాపే ప్రమాదం ఉంది. అందువల్ల అనుభవమున్న జట్లు తమదైన మాట ఒకటి పెట్టుకుంటాయి. మీ ప్రాంతంలో పెద్దపిల్లను “అప్పా” అని పిలవడం ఇంటింటా ఉన్నదే. ఊపిరి ఆడనప్పుడు కూడా నోరు తెరిస్తే చాలు, దీర్ఘం మీద గొంతు సాగుతుంది. అంతకుముందు హారికను ఎదురుగా చూసి పలకరించడానికి కూడా జంకిన పిల్ల, ఇప్పుడు మైదానం దద్దరిల్లేలా “అప్పా!” అని పిలవాలి. ఆమె ముందున్న కొండ ఎంత ఎత్తో పాఠకుడికి వెంటనే తెలుస్తుంది.

సాధన దృశ్యాలకు కథలో సగం చోటు ఇవ్వండి. ఇక్కడ తప్పులు మీకు సిద్ధంగా ఉన్నాయి, కల్పించుకోవలసిన పని లేదు. అందుకునే పిల్ల ఎప్పుడు బయలుదేరాలో తెలియడానికి నేల మీద ఒక గుర్తు పెట్టుకుంటుంది. తాను నిలబడే చోటు నుంచి వెనక్కి, పాదం వెంట పాదం ఆనించి కొలుచుకుంటూ వెళ్లి, మట్టిలో కాలి బొటనవేలితో గీత గీస్తుంది. పదిహేను పాదాల దూరంతో మొదలుపెట్టడం ఆ వయసు పిల్లలకు సరిపోతుంది. తెచ్చే పిల్ల ఆ గీత దాటగానే ఈమె పరుగు అందుకోవాలి. మట్టి నేల మీద గీత గీసుకోవడానికి నియమాలు ఒప్పుకుంటాయి; మీ కథలో ఉన్నట్టు ఇటుకముక్క పెట్టకూడదు, దాన్ని మార్చండి. తెచ్చే పిల్ల మరీ త్వరగా వచ్చి మీద పడిపోతుంటే గీతను ఇంకొంచెం దూరం జరపాలి. ఎంత పరిగెట్టినా అందుకోలేకపోతుంటే దగ్గరకు జరపాలి. ఇద్దరు పిల్లలు నేల మీద వంగి పాదాలు లెక్కపెట్టుకోవడం, గీత చెరిపి మళ్లీ గీయడం పిల్లలకు ఎంతో ఇష్టమైన పని. పైగా అది మాటలు లేకుండా ఇద్దరి మధ్య స్నేహం పెరిగే చోటు కూడా. సంతోషి నోరు విప్పకుండానే పాదాలు కొలవడంలో హారికకు సాయపడగలదు. మీరు ఈ చోట ఆగి, నెమ్మదిగా రాయండి.

కేక విషయంలో తప్పులు మూడు రకాలుగా జరుగుతాయి, మూడూ సంతోషి స్వభావం నుంచి పుట్టేవే. మొదటిది, ఆమె పిలుస్తుంది కానీ వినిపించదు. హారిక కాసేపు ఎదురుచూసి, ఓర్చుకోలేక వెనక్కి తిరుగుతుంది, ఇద్దరి వేగమూ చచ్చిపోతుంది. రెండో రోజు ఆ బాధ తొందరగా వదిలించుకోవాలన్న ఆత్రంలో మరీ ముందుగా అరుస్తుంది. హారిక చెయ్యి వెనక్కి చాపుకొని అలాగే పరిగెడుతుంది. చెయ్యి ఊపకుండా పరిగెట్టడం ఎంత కష్టమో ఒకసారి మీరే ప్రయత్నించి చూడండి, ఆ దృశ్యం రాయడం తేలికవుతుంది. మూడో రోజు గొంతులో తటపటాయింపు వల్ల ఆలస్యంగా పిలుస్తుంది, బ్యాటన్ చేతిలో పడేసరికి ఇద్దరూ గీత దాటిపోతారు. జోన్ దాటితే పోటీలో జట్టు మొత్తాన్ని తొలగిస్తారని పిల్లలకు అప్పుడే తెలియాలి. మూడు తప్పులూ ఒకే కారణం నుంచి వస్తున్నాయని మీరు చెప్పవద్దు. చదివే పిల్లలు గ్రహిస్తారు.

సాధనలో బ్యాటన్ కూడా దగ్గరగా చూపించండి. అసలు బ్యాటన్ నున్నటి బోలు గొట్టం. 28 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు, కనీసం 50 గ్రాముల బరువు ఉంటుంది. బళ్లో ఉన్న ఒక్క బ్యాటన్ పెద్దపిల్లల దగ్గర ఉంటే, వీళ్లకు బోరింగు పని చేసినప్పుడు మిగిలిన ప్లాస్టిక్ పైపులోంచి అంత ముక్క కోసి ఇచ్చారని రాయవచ్చు. కోసిన అంచు గరుకుగా ఉంటే దాన్ని సంతోషి నేలకు రాసి నునుపు చేసింది అనండి. అంత వివరం చాలు.

మీ కథలో పీడీ మాస్టారు సంతోషిని పక్కకు పిలిచి, శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిగారి గురించి ఒక పేరా చెప్పారు. ఆమె పేరు మీ ప్రాంతపు పిల్లలకు తెలియాలి, అందులో సందేహం లేదు. కానీ ఆ పేరా ఇక్కడ ఇమడదు. వేదిక మీద ఒంటరిగా నిలబడి బరువెత్తిన క్రీడాకారిణి ఉదాహరణ, మరొకరిని పిలవలేక అవస్థపడుతున్న పిల్లకు అక్కరకు రాదు. మాస్టారు మాట్లాడక తప్పదనుకుంటే పని గురించే మాట్లాడనివ్వండి: గీత రెండు పాదాలు వెనక్కి జరపమంటారు, ఊపిరి వదులుతూ పిలవమంటారు, బ్యాటన్‌ను విసరకుండా అరచేతిలో నొక్కి పెట్టమంటారు. భయపడకు అన్న మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాకపోతే కథ బాగుపడుతుంది. సంతోషికి ఉపయోగపడే మాట హారిక అనాలి. మొదటి తప్పు జరిగిన సాయంత్రం ఇద్దరి మధ్య ఇలా సాగవచ్చు:

“ఏటే, పిలిసేవా నువ్వు?”

సంతోషి తల ఊపింది.

“నాకు ఇనపడనేదు. నువ్వు పిలిస్తే నాను ఎనక్కి సూడను. పిలవకపోతే సూడక ఏటి సెయ్యను?”

హారిక మాటలో కోపం లేదు, ఓదార్పూ లేదు, ఉన్న సంగతి ఉంది. మీరు కథనం అంతా శిష్ట భాషలో రాసి, పిల్లల మాటలు కూడా పుస్తకంలో భాషలోనే రాశారు. మీ తరగతిలో పిల్లలు ఎలా మాట్లాడతారో మీకు నాకన్నా బాగా తెలుసు. మాటల్లో ఆ యాస ఉంచండి, కథనాన్ని ఇప్పుడున్నట్టే వదిలెయ్యండి. సరదా పుట్టించడానికి మాత్రం యాస వాడవద్దు. హారిక లాంటి తెలివైన, బాధ్యత గల పిల్ల నోట అది వినిపిస్తే చదివే పిల్లలు తమ భాషను తలెత్తుకొని చదువుకుంటారు.

ఇప్పుడు పందెం. ఆ దృశ్యం నేనైతే ఇలా రాస్తాను. ఇది మీరు దించుకోవడానికి కాదు, ఎంత దగ్గరి నుంచి చూడాలో తెలియడానికి మాత్రమే.

“లావణ్య ఇచ్చిన బ్యాటన్ సంతోషి కుడిచేతిలో బిగిసింది. షామియానా, మైకు, జనం అన్నీ వెనక్కి పోయాయి. వంపు తిరిగేసరికి అవతల సున్నపు గీతల మధ్య హారిక కనిపించింది. ఒక కాలు ముందుకు పెట్టి, నడుము వంచి, తల మాత్రం వెనక్కి తిప్పి సంతోషినే చూస్తోంది. నేల మీద గీత దగ్గరపడింది. సంతోషి దాన్ని దాటింది. హారిక తల అటు తిరిగిపోయింది, వీపు మాత్రమే కనిపిస్తోంది, ఆ వీపు వేగంగా దూరమవుతోంది.

పక్క లేనులో ఎవరో ‘హ్యాండ్!’ అని అరిచారు. హారిక చెయ్యి కదలలేదు.

సంతోషికి రొప్పు వస్తోంది. ఇంకా అయిదు అడుగులు. నాలుగు. హారిక జడ ఎగిరెగిరి పడుతోంది. ఇప్పుడు పిలవకపోతే ఆమె వెనక్కి చూస్తుంది. సంతోషి నోరు తెరిచింది.

‘అప్పా!’

ఆ గొంతు తనదేనా అనిపించింది. హారిక చెయ్యి వెనక్కి వచ్చింది. అరచెయ్యి విప్పారి, వేళ్లు నిటారుగా, కదలకుండా ఉంది. సంతోషి బ్యాటన్‌ను అందులో నొక్కింది. వేళ్లు మూసుకున్నాయి. హారిక తల తిప్పనేలేదు.

సంతోషి తన గీతల మధ్యనే ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది. జోన్ దగ్గర నిలబడిన మాస్టారు తెల్ల జెండా ఎత్తారు.”

ఈ దృశ్యంలో మీరు గమనించవలసినవి రెండు ఉన్నాయి. హారిక కనిపించినప్పటి నుంచి బ్యాటన్ చేతులు మారేదాకా జరిగిన కాలం అయిదారు సెకన్లు. కథలో దానికి దాదాపు ఒక పేజీ ఇవ్వవచ్చు. మీరు ఆ పేజీని ముగింపు గీత దగ్గర ఖర్చుపెట్టారు. రెండోది, సంతోషి పరుగు ఆపిన తరువాత తన లేనులోనే నిలబడింది. బ్యాటన్ ఇచ్చిన పిల్ల పక్క లేన్లు ఖాళీ అయ్యేవరకు తన గీతల మధ్యనే ఉండాలి, అడ్డం వస్తే జట్టుకు నష్టం. ఆ నిలబడడం వల్ల కథకుడికి కూడా సౌకర్యం ఉంది: చివరి వంద మీటర్లు ఆమె దూరం నుంచి చూడవలసి వస్తుంది, గెలుపు ఎవరిదో మైకులో వినవలసి వస్తుంది. మీరు ఆ పరుగును రెండు వాక్యాల్లో ముగించవచ్చు. జట్టుకు రెండో స్థానం ఇవ్వండి. మొదటి స్థానం ఇచ్చినా కథ చెడిపోదు గానీ, గెలవడం వల్లనే పిల్ల మారిందన్న అర్థం మళ్లీ దొంగచాటుగా వచ్చి చేరుతుంది.

వేరే జట్టు బ్యాటన్ జారవిడిచిందని రాసి వీళ్లను పైకి తేవచ్చా అని మీకు అనిపించవచ్చు. రాయవచ్చు, అది ఎంత పెద్ద పోటీలోనైనా జరిగేదే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికా పురుషుల జట్టూ, మహిళల జట్టూ ఫైనల్‌కు చేరకముందే, రెండూ మూడో అంచె నుంచి నాలుగో అంచెకు మారే చోటనే బ్యాటన్ జారవిడిచాయి. ప్రపంచంలోనే అత్యంత వేగంగా పరిగెట్టేవాళ్లకు కూడా ఆ కొన్ని మీటర్లు కష్టమైనవి. అయితే ఆ పిల్లలను ఓడిపోయినవాళ్లుగా వదిలెయ్యకండి. బ్యాటన్ కింద పడితే పందెం అయిపోదు. జారవిడిచిన పిల్లే దాన్ని తీసుకోవాలి, ఇంకొకరికి అడ్డు రాకుండా, దూరం తగ్గించుకోకుండా తీసుకుంటే పరుగు కొనసాగించవచ్చు. పూర్తిగా చేతులు మారకముందే పడిపోతే ఇచ్చే పిల్లే వంగి ఎత్తుకోవాలి. పక్క లేనులో ఒక పిల్ల ఏడుపు దిగమింగుకుంటూ బ్యాటన్ ఎత్తుకొని మళ్లీ పరిగెట్టిందన్న ఒక్క వాక్యం చాలు.

ముగింపులో “ఆ రోజుతో సంతోషి బెరుకు పూర్తిగా పోయింది” అన్న వాక్యాన్ని తప్పకుండా కొట్టివెయ్యండి. ఒక్క కేకతో పిల్లల స్వభావం మారదు, మారాలని మనం కోరుకోవడం కూడా సరికాదు. తక్కువ మాట్లాడే పిల్లలు మీ తరగతిలోనూ ఉన్నారు. మీ కథ చదివి వాళ్లు తమలో ఏదో లోపం ఉందని అనుకోకూడదు. సంతోషి తరువాత కూడా తక్కువే మాట్లాడనివ్వండి. అవసరమైన చోట ఒక్క మాట గట్టిగా పలకగలిగితే చాలు. దానికి కావలసిన సరంజామా మీ కథలోనే ఉంది. మొదటి పేజీలో హాజరు పిలిచినప్పుడు సంతోషి గొంతు టీచరుగారికి వినపడక, ఆమె పేరు దగ్గర రాలేదని గుర్తు పెట్టారని మీరే రాశారు, తరువాత ఆ సంగతి మరిచిపోయారు. పోటీల తరువాతి సోమవారం మళ్లీ అదే జరగనివ్వండి. టీచరుగారు తరువాతి పేరుకు వెళ్లిపోతారు. సంతోషి లేచి, “ఉన్నానండి” అంటుంది. టీచరుగారు వెనక్కి వచ్చి గుర్తు దిద్దుతారు. ఎవరూ ఆశ్చర్యపోకూడదు, ఎవరూ మెచ్చుకోకూడదు, ముఖ్యంగా రిలే ప్రస్తావన అక్కడ రాకూడదు.

తిరిగి రాసే ముందు ఒక పని చెయ్యండి. మీ బడి పీడీ మాస్టారిని అడిగి ఒక సాయంత్రం ఆరేడుగురు పిల్లలను మైదానంలోకి తీసుకువెళ్లండి, పైపు ముక్క ఇచ్చి జంటలుగా మార్చుకోమనండి. ఒకసారి కేకతో, ఒకసారి కేక లేకుండా చేయించండి. అందుకునే పిల్ల ఏ అడుగు దగ్గర వెనక్కి చూస్తుందో, చూసినప్పుడు భుజం ఎటు తిరుగుతుందో, తెచ్చే పిల్ల ముఖంలో ఏం కనిపిస్తుందో అక్కడికక్కడే పుస్తకంలో రాసుకోండి. మెల్లగా మాట్లాడే పిల్లలను ముందుకు రమ్మని బలవంతం చెయ్యవద్దు. పాదాలు కొలిచే పని ఇవ్వండి, వాళ్లంతట వాళ్లు వస్తే రానివ్వండి. పిల్లల పత్రికకు ఏడెనిమిది వందల మాటలు మించకుండా ఉంటే మంచిది. అందులో సగం సాధనకు, పావు వంతు ఆ అయిదారు సెకన్లకు కేటాయించండి. రాయడం పూర్తయ్యాక, మొదట ప్రశ్న అడిగిన అమ్మాయికే ప్రతి ఇచ్చి, బిగ్గరగా కాకుండా తనలో తాను చదువుకోమనండి. ఎక్కడ ఆగి మళ్లీ వెనక పేజీ తిప్పుతుందో పక్కనుంచి గమనించండి. ఆగిన చోట అర్థం కానిది ఏదైనా ఉంటే, అది జోన్ గురించో గీత గురించో అయి ఉంటుంది. అక్కడ ఒక వాక్యం కలిపి, ఆపై పత్రికకు పంపండి.